రైట్ కొట్టిన ఐదో లెక్కలోనూ తప్పుంది

ప్రశ్న: సార్, మాది హనుమకొండ. మా పాప పదో తరగతి. ట్యూషన్‌లో ఇచ్చిన త్రికోణమితి వర్క్‌షీట్‌ను ఫోటో తీసి పంపుతున్నా. ఆరు లెక్కల్లో నాలుగింటికి ఇంటూ కొట్టి ఇచ్చారు, ఎందుకు తప్పో రాయలేదు. సైన్, కాస్ విలువల టేబుల్ సరిగ్గా రాలేదేమోనని రోజూ పదిసార్లు రాయిస్తున్నా. సరిచూద్దామని నా ఫోన్ కాలిక్యులేటర్‌లో sin 30 కొడితే మైనస్‌లో ఏదో వచ్చింది, ఇప్పుడు నాకే టెన్షన్ పట్టుకుంది. ఏ లెక్క ఎక్కడ తప్పిందో చెప్తారా?

జవాబు:

ముందు ఆ టేబుల్ రాయించడం ఈ రాత్రి నుంచే ఆపేయండి. మీ పాపకు టేబుల్ బాగా వచ్చు. రుజువు రెండో లెక్కలోనే ఉంది. 4cos²45° + tan²60° − 2sin30° విలువ అడిగితే, ఒక్క కొట్టివేత లేకుండా 2 + 3 − 1 = 4 అని రాసింది. కాస్ 45 విలువను వర్గం చేస్తే సగం అవుతుందని, ట్యాన్ 60ని వర్గం చేస్తే మూడు అవుతుందని చేతివేళ్ళ మీద ఉన్న పిల్ల రాసే రాత అది. టేబుల్ రానివాళ్ళు ఆ లైన్ దగ్గరే ఆగిపోతారు.

మీ ఫోన్ సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. మీకు కనిపించింది -0.988 అయి ఉంటుంది. కాలిక్యులేటర్ ఆ ముప్పైని డిగ్రీలుగా తీసుకోలేదు, రేడియన్లుగా తీసుకుంది. కోణాన్ని కొలిచే మరో కొలత అది. ఒక రేడియన్ అంటే సుమారు 57.3 డిగ్రీలు. కాబట్టి ముప్పై రేడియన్లంటే నాలుగు చుట్లు పూర్తిగా తిరిగి ఇంకా ముందుకు పోయిన కోణం. దాని సైన్ మైనస్‌లో రావడంలో వింత లేదు. తెర మీద RAD, DEG అని ఒక బటన్ ఉంటుంది. దాన్ని మార్చి మళ్ళీ sin(30) కొట్టండి, 0.5 రావాలి. కొన్ని ఫోన్లలో ఆ బటన్ మీద ఉన్న మాట ఇప్పుడున్న మోడ్‌ను చెబుతుందో, నొక్కితే రాబోయే మోడ్‌ను చెబుతుందో తెలియదు. అందుకే బటన్‌ను నమ్మకుండా, ప్రతిసారీ ముందు sin(30) కొట్టి 0.5 వచ్చిందా అని చూసుకోవడం నా అలవాటు.

ఇక తప్పుల దగ్గరికి వద్దాం. మొదటి లెక్క చిన్నది, త్వరగా అయిపోతుంది. PQR త్రిభుజంలో Q దగ్గర లంబకోణం, PQ = 8, QR = 15. కర్ణం 17 అని సరిగ్గానే కనుక్కుంది. sin P = 15/17, cos P = 8/17 రెండూ కరెక్టే. tan R దగ్గర 15/8 అని రాసింది, అది 8/15 కావాలి. ఫోటోను పెద్దది చేసి చూస్తే కారణం బొమ్మ మీదే కనిపించింది. QR పక్కన పెన్సిల్‌తో ‘ఎదుటి’ అని, PQ పక్కన ‘ఆసన్న’ అని సన్నగా రాసుకుంది. P వైపు నుంచి చూస్తే ఆ పేర్లు నిజం. R దగ్గరికి వచ్చేసరికి ఎదుటి భుజం PQ అవుతుంది, ఆసన్న భుజం QR అవుతుంది, కానీ పెన్సిల్ రాత మాత్రం మారలేదు. కర్ణం ఒక్కటే ఎటు నుంచి చూసినా కర్ణం. మిగతా రెండు పేర్లూ మనం ఏ మూల నిలబడ్డామన్నదాన్ని బట్టి మారతాయి. R అడిగినప్పుడు ఆ పెన్సిల్ పేర్లు తుడిచి, R మూల మీద వేలు పెట్టి, కొత్తగా రాసుకొమ్మనండి. అంతకుమించి ఈ లెక్కలో చెప్పాల్సింది లేదు.

మూడో లెక్క దగ్గర కాసేపు ఆగాలి. sin A = 3/5 అయితే cos A, tan A ఎంత అని ప్రశ్న. పాప రాసిన లైన్లు ఇవీ:

```
sin²A + cos²A = 1
cos²A = 1 − sin²A
cos A = 1 − sin A
cos A = 1 − 3/5 = 2/5
tan A = (3/5) ÷ (2/5) = 3/2
```

ఇంటూ గుర్తు చివరి జవాబు మీద ఉంది. తప్పు మాత్రం మూడో లైన్‌లో జరిగింది. మొదటి రెండు లైన్లు పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. మూడో లైన్‌కు వచ్చేసరికి, ఎడమవైపు వర్గం పోయింది కదా, కుడివైపు కూడా ఒక్కొక్కదానికీ వర్గం తీసేస్తే సరిపోతుందనుకుంది. ఒకటికి వర్గమూలం ఒకటే కాబట్టి చూడ్డానికి అంతా సాఫీగా ఉంది. పిల్లలు ఈ మెట్టు మీద జారడానికి ఆ ఒకటే కారణమని నా అనుమానం. అక్కడ 1 బదులు 25 ఉంటే సగంమంది ఆగి ఆలోచించేవాళ్ళు.

నోట్స్‌లో గళ్ళ కాగితం ఉంటే తీయించండి. అయిదు గళ్ళ వెడల్పు, అయిదు గళ్ళ పొడవుతో చదరం గీస్తే లోపల 25 గళ్ళుంటాయి. ఒక మూలన మూడింటికి మూడు చదరం గీసి ఆ 9 గళ్ళను కొట్టేయమనండి. 16 మిగులుతాయి, అవి నాలుగింటికి నాలుగు చదరానికి సరిపోయే గళ్ళు. ఆమె పద్ధతి ప్రకారమైతే అయిదులో మూడు పోతే రెండు, అంటే రెండింటికి రెండు చదరం, నాలుగే గళ్ళు మిగలాలి. కాగితం మీద పదహారు గళ్ళు ఎదురుగా కనిపిస్తుంటే, వర్గమూలాన్ని తీసివేతలోకి విడదీసి పంచకూడదని మళ్ళీ చెప్పే పని ఉండదు. కాబట్టి cos²A = 1 − 9/25 = 16/25, అక్కడి నుంచి cos A = 4/5.

దీన్ని బొమ్మతో కూడా పట్టుకోవచ్చు. sin A = 3/5, cos A = 2/5 అంటే ఆ లంబకోణ త్రిభుజం భుజాలు 3, 2, 5 అన్నమాట. మూడు, రెండు కలిపితే సరిగ్గా అయిదు. పుల్లలతో చేసి చూడండి, మూడంగుళాల పుల్ల, రెండంగుళాల పుల్ల కలిసి అయిదంగుళాల పుల్ల మీద బోర్లా పడుకుంటాయి. త్రిభుజమే లేవదు. ఈ తప్పు ఏ అంకెలతో చేసినా ఇలాగే పడుకుంటుంది, ఎందుకంటే cos A = 1 − sin A అని రాయడమంటే రెండు చిన్న భుజాల మొత్తం కర్ణానికి సమానం అని ఒప్పుకోవడమే.

ఇందులోనే ఇంకో మాట. tan A = 3/2 కూడా తప్పు జవాబే, సరైనది 3/4. కానీ అది కొత్త తప్పు కాదు. సైన్‌ను కాస్‌తో భాగించాలని ఆమెకు తెలుసు, భాగహారం కూడా సరిగ్గానే చేసింది. పైనుంచి వచ్చిన 2/5 చెడ్డది కాబట్టి కిందది చెడింది. ఇంట్లో మీరు దిద్దేటప్పుడు ఇలాంటిదానికి రెండో ఇంటూ పెట్టకండి. ఒక తప్పును రెండుగా లెక్కపెడితే, రానిదేదో వచ్చినదేదో పిల్లకే తెలియకుండా పోతుంది.

నాలుగో లెక్క చూసి నేను కాసేపు కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాను. sin(A − B) = 1/2, cos(A + B) = 1/2 అయితే A, B కనుక్కోమన్నారు. పాప మొదటి లైన్‌లో sin A − sin B = 1/2 అని, రెండో లైన్‌లో cos A + cos B = 1/2 అని రాసింది. ఆ తర్వాత మార్జిన్‌లో టేబుల్ వేసుకుని, ఏ రెండు సైన్‌ల తేడా సగం వస్తుందా అని వెతికింది. 90, 30 దొరికాయి, 1 − 1/2 = 1/2. వాటినే కాస్‌లో పెడితే √3/2 వచ్చింది, సగం రాలేదు. కొట్టేసింది. ఆ కింద ఏం రాసిందో నాకు తెలియలేదు, ఫోటో కుడి అంచు తెగిపోయింది. అయినా తప్పు ఎక్కడుందో చెప్పడానికి పైన ఉన్నది చాలు.

ఇక్కడ ఆమె సైన్‌ను ఒక సంఖ్యలా చూసింది. 5(A − B)ని 5A − 5B అని రాసినట్టే బ్రాకెట్ విప్పేసింది. సైన్ అలా గుణించే సంఖ్య కాదు. దానికి ఒక కోణం మొత్తంగా ఇవ్వాలి, అది దానికి తగిన నిష్పత్తిని తిరిగిస్తుంది. A − B అనే బ్రాకెట్ అంతా కలిపి ఒకే కోణం. దాన్ని అలాగే ఉంచితే లెక్క రెండు లైన్లే. సైన్ సగం వచ్చేది 30 దగ్గర, కాబట్టి A − B = 30°. కాస్ సగం వచ్చేది 60 దగ్గర, కాబట్టి A + B = 60°. రెండూ కలిపితే 2A = 90°, A = 45°, B = 15°. టేబుల్‌లో 15 లేదు, అందుకే ఆమె టేబుల్‌లో ఎంత వెతికినా దొరకలేదు.

బ్రాకెట్ ఎందుకు విప్పకూడదో ఆమె కొట్టేసిన లైనే చెబుతుంది. sin 90° − sin 30° సగం అని ఆమే కనుక్కుంది. మరి తొంభైలోంచి ముప్పై తీసేస్తే అరవై, sin 60° ఆమె టేబుల్‌లోనే √3/2, అంటే సుమారు 0.87. సగం కాదు. ఈ రెండింటినీ పక్కపక్కన రాసి, ‘ఇవి సమానమా బిడ్డా?’ అని అడగండి చాలు.

ఇంకా పట్టు దొరకకపోతే పది అడుగుల నిచ్చెనను ఊహించుకోమనండి. గోడకు ఆనించి నేలతో 30 డిగ్రీల కోణంలో పెడితే పైకొస 5 అడుగుల ఎత్తులో ఉంటుంది. కోణాన్ని రెట్టింపు చేసి 60 చేస్తే 10 అడుగులు రావాలి కదా? రాదు, 8.66 అడుగుల దగ్గరే ఉంటుంది. నిట్టనిలువుగా 90కి లేపితేనే పదికి చేరుతుంది. మొదటి ముప్పై డిగ్రీలకు అయిదడుగులు, రెండో ముప్పైకి మూడున్నర పైచిలుకు, చివరి ముప్పైకి అడుగుంపావు దాటి కొంచెం. కోణం ఒకే మోతాదులో పెరుగుతున్నా ఎత్తు పెరగడం తగ్గుతూ వస్తుంది. ఇది మనవాళ్ళకు ఎప్పుడో తెలిసిన సంగతి. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో సైన్ పట్టిక ఇచ్చిన తీరే అది. ఆర్యభటుడు జ్యాల, అంటే సైన్‌ల, విలువలు చెప్పకుండా, ఒక మెట్టుకూ తర్వాతి మెట్టుకూ ఉన్న తేడాలు చెప్పాడు. 225తో మొదలై 224, 222, 219 అని దిగుతూ వచ్చి, ఇరవై నాలుగో మెట్టు దగ్గర 7కు చేరుతుంది. బ్రాకెట్ విప్పడం సరైనదే అయితే ఆ ఇరవై నాలుగు అంకెలూ ఒకటే అయి ఉండేవి.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది, ఐదో లెక్క, ఆరో లెక్క. ఐదు: 18 మీటర్ల ఎత్తు మేడ మీద నుంచి చూస్తే నేల మీద ఉన్న ఆటో 45 డిగ్రీల నిమ్న కోణంలో కనిపిస్తోంది, మేడకు ఎంత దూరం? పాప జవాబు 18 మీటర్లు, రైట్ మార్కు. ఆరు: 24 మీటర్ల నీళ్ళ ట్యాంకు మీద నుంచి 30 డిగ్రీల నిమ్న కోణంలో ఒక బండి కనిపిస్తోంది, దూరం ఎంత? పాప జవాబు 8√3, అంటే దాదాపు 13.9 మీటర్లు, ఇంటూ మార్కు.

రెండు బొమ్మలూ ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి. రెండింటిలోనూ ఆమె కోణాన్ని ఒకే చోట గుర్తించింది, మేడకైనా ట్యాంకుకైనా పైకొసన, నిలువు గీతకూ చూపు గీతకూ మధ్య. నిమ్న కోణం అది కాదు. మేడ మీద నిలబడి తిన్నగా ఎదురుగా చూస్తే చూపు నేలకు సమాంతరంగా పోతుంది. అక్కడి నుంచి చూపును ఎంత కిందికి వంచామన్నదే నిమ్న కోణం. అంటే ఆ కోణం త్రిభుజం బయట, అడ్డగీతకూ చూపు గీతకూ మధ్య ఉంటుంది. ట్యాంకు గోడతో చూపు గీత చేసే కోణం 30 కాదు, 60.

ఐదో లెక్కలో ఈ తప్పు ఎందుకు బయటపడలేదంటే, 45ను తొంభైలోంచి తీసేసినా 45 డిగ్రీలే. కోణాన్ని తప్పు చోట పెట్టినా, ఒప్పు చోట పెట్టినా జవాబు 18. దిద్దినవాళ్ళు చివరి అంకె చూసి రైట్ కొట్టారు. వాళ్ళను అనడానికి నాకు నోరు రాదు, నేనూ చాలా ఏళ్ళు 45 లెక్కలకు బొమ్మ చూడకుండా రైట్ కొట్టుకుంటూ పోయినవాణ్ణే. నలభై పేపర్ల కట్ట ముందుంటే చెయ్యి అలాగే పోతుంది. కానీ ఆ రైట్ చూసి పాప ‘నా బొమ్మ సరైందే’ అనుకుంది, ఆరో లెక్కలో అదే బొమ్మ మళ్ళీ వేసింది. ఈ పేజీలో నాలుగు ఇంటూల కన్నా ఎక్కువ నష్టం చేసింది ఆ ఒక్క రైట్.

ఆరో లెక్కలో ఆమె రాసిన నిష్పత్తి tan 30° = x/24. తాను పెట్టిన కోణానికి అది సరైన నిష్పత్తే, ఎదుటి భుజం x, ఆసన్న భుజం 24. కాబట్టి ట్యాన్ రాలేదని అనుకోవద్దు. బొమ్మ సరిచేస్తే చాలు. ముందు ట్యాంకు పైకొస నుంచి అడ్డంగా ఒక చుక్కల గీత గీయించండి, ఇంకే గీతా గీయకముందే. దాని కింద 30 డిగ్రీలు గుర్తించాలి. చుక్కల గీత, నేల సమాంతరాలు కాబట్టి ఏకాంతర కోణాలు సమానం, ఆ 30 బండి దగ్గరికి దిగుతుంది. ఇప్పుడు బండి మూల నుంచి చూస్తే ఎదుటి భుజం 24, ఆసన్న భుజం x:

```
tan 30° = 24/x
1/√3 = 24/x
x = 24√3 ≈ 41.6 మీటర్లు
```

జవాబు రాసేముందు దాన్ని నమ్మవచ్చో లేదో తెలుసుకునే తేలిక మార్గం కూడా ఇక్కడే ఉంది. 45 దగ్గర ఎత్తు, దూరం సమానం. చూపును అంతకన్నా తక్కువ వంచితే వస్తువు దూరంగా ఉన్నట్టు, ఎక్కువ వంచితే దగ్గరగా ఉన్నట్టు. 30 అంటే తక్కువ వంచాం, కాబట్టి దూరం 24 కన్నా ఎక్కువ రావాలి. 13.9 వచ్చిందంటే లెక్క చేయకముందే బొమ్మలో తేడా ఉందని అర్థం. ఆదివారం పాపను పద్మాక్షి గుట్ట ఎక్కించండి. గుట్ట మొదట్లో ఉన్న దారిని చూడాలంటే మెడ బాగా వంచాలి, దూరంగా ఊళ్ళో ఇళ్ళను చూడాలంటే కొంచెం వంచితే చాలు. అంత ఓపిక లేకపోతే మీ డాబా చాలు, గేటునూ వీధి చివరి కిరాణా కొట్టునూ చూపించండి.

ఫోటో గురించి ఒక చిన్న విన్నపం. ఈసారి కిటికీ వెలుతురులో పేజీని బల్ల మీద పరిచి, ఫోన్‌ను సరిగ్గా పైనుంచి పట్టి తీయండి, నాలుగు అంచులూ కనిపించాలి. మీ ఫోటోలో ఫోన్ నీడ పడి, వర్గం గుర్తుగా పైన రాసిన చిన్న 2 రెండు చోట్ల మాయమైంది. మూడో లెక్కలో నిజంగా వర్గం రాయలేదా, నీడలో పోయిందా అని మూడుసార్లు పెద్దది చేసి చూశాక గానీ తేలలేదు. √3/2 లో మూలం గుర్తు మూడు మీదే ఆగిందా, కింద రెండును కూడా కప్పిందా అన్నది కూడా అంతే, వంకరగా తీస్తే తెలియదు. అన్నిటికన్నా ముఖ్యంగా, కొట్టేసినవి రబ్బరుతో చెరిపేయొద్దని చెప్పండి. ఆ 90, 30 చెరిపేసి ఉంటే నాలుగో లెక్కలో ఆమె బ్రాకెట్ విప్పిందని చెప్పగలిగేవాణ్ణి గానీ, దాన్ని తన లెక్కతోనే తనకు చూపించే దారి దొరికేది కాదు.

ఈ వారం కొత్త వర్క్‌షీట్ ఏదీ వద్దు, మూడే లెక్కలు ఇవ్వండి. ఒకటి, cos A = 5/13 అయితే sin A ఎంత? 12/13 రావాలి, 8/13 అని రాస్తే గళ్ళ కాగితం మళ్ళీ తీయండి. రెండు, sin(A + B) = 1, cos(A − B) = √3/2 అయితే A, B ఎంత? 60, 30 రావాలి, మొదటి లైన్‌లోనే బ్రాకెట్ విప్పిందేమో గమనించండి. మూడు, 30 మీటర్ల టవరు మీద నుంచి 60 డిగ్రీల నిమ్న కోణంలో కనిపించే బస్సు ఎంత దూరంలో ఉంది? 10√3 మీటర్లు, అంటే సుమారు 17.3. 30√3 అని రాస్తే కోణం ఇంకా గోడ దగ్గరే ఉందన్నమాట. మూడింటి ఫోటోలూ, పాత నాలుగో లెక్క కుడి అంచుతో సహా పంపండి, ఆ మార్జిన్‌లో ఇంకా ఏం వెతికిందో చూడాలని నాకూ ఉంది.